టార్గెట్ దాటితే పెద్ద శాతం: మీ షాపుకు ఏ కమీషన్ లెక్క సరిపోతుంది?

"నెలకు పది లక్షల దాకా 2 శాతం, దాటితే 3 శాతం." చాలా షోరూమ్‌లలో సేల్స్‌మన్‌ను పనిలో పెట్టుకునేటప్పుడు కమీషన్ గురించి చెప్పే మాట ఇంతే. విన్నవాడు తల ఊపుతాడు, చెప్పినవాడూ విషయం తేలిపోయిందనుకుంటాడు. నెల గడిచి పన్నెండు లక్షల అమ్మకం తేలినప్పుడు అసలు చిక్కు బయటపడుతుంది. 3 శాతం పైన ఉన్న రెండు లక్షలకే అని ఓనరు లెక్క వేసి 26,000 చేతిలో పెడతాడు. దాటాను కాబట్టి మొత్తం పన్నెండు లక్షలకూ 3 శాతం రావాలని సేల్స్‌మన్ 36,000 కోసం చూస్తుంటాడు. తేడా పదివేలు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు, కానీ మర్నాటి నుంచి ఆ మనిషి ఆ షాపులో మనసు పెట్టి పని చేయడు.

టార్గెట్ దాకా ఒక శాతం, పైన ఇంకో శాతం పెట్టాలనుకుంటున్న చిన్న, మధ్యస్థాయి షాపుల ఓనర్ల కోసం ఇది రాస్తున్నాను. అలాంటి ఆఫర్ చేతిలో ఉండి ఒప్పుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న సేల్స్‌మన్‌కూ ఇవే లెక్కలు పనికొస్తాయి. ఉదాహరణకు విజయవాడలో ఒక టైల్స్, శానిటరీ షోరూమ్ ఉందనుకుందాం. నలుగురు సేల్స్‌మెన్, ఒక్కొక్కరికి నెలకు పది లక్షల టార్గెట్, సరుకు మీద షాపుకు సగటున 15 శాతం మార్జిన్. ఇవి లెక్క సులువు కోసం నేను వేసుకున్న అంకెలు. మీ షాపు అంకెలు పెట్టుకుంటే ఫలితం మారుతుంది, లెక్క వేసే తీరు మారదు.

## పద్ధతులను దేనితో తూచాలి

ఏ పద్ధతినైనా ముందు ఒక ప్రశ్నతో తూచాలి. సేల్స్‌మన్ ఇంకో లక్ష రూపాయల సరుకు అమ్మితే అతనికి ఎంత వస్తుంది, షాపుకు ఎంత మిగులుతుంది? మా ఉదాహరణలో లక్ష అమ్మితే మార్జిన్ 15,000. అందులో 2 శాతం కమీషన్ పోతే 13,000 మిగులుతుంది, 3 శాతం పోతే 12,000. టార్గెట్ పైన ఎక్కువ ఇవ్వగలగడానికి కారణం ఉంది. అద్దె, కరెంటు, స్థిర జీతాలు మొదటి పది లక్షల అమ్మకంలోనే గట్టెక్కుతాయి. ఆ తర్వాత వచ్చే ప్రతి లక్షలో షాపుకు మిగిలేది ఎక్కువ కాబట్టి పంచుకోవడానికి వీలుంటుంది. టార్గెట్‌ను ఈ లెక్కతో సంబంధం లేకుండా గుండ్రని అంకె అని పెడితే, పెద్ద శాతం ఎందుకు ఇస్తున్నారో ఓనరుకే తెలియదు.

రెండోది, టార్గెట్ గీత దగ్గర ఏం జరుగుతుంది? గీతకు ఇటు ఒక రూపాయి, అటు ఒక రూపాయి ఉన్నప్పుడు కమీషన్ కొద్దిగా పెరుగుతుందా, ఒక్కసారిగా ఎగురుతుందా? మోసాలు, గొడవలు, నెలాఖరు టెన్షన్ అన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

మూడోది, అమ్మకాలు లేని నెలలో సేల్స్‌మన్ ఇల్లు ఎలా గడుస్తుంది? నాలుగోది, తన కమీషన్‌ను అతను రాత్రి ఇంటికెళ్లి ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో తానే వేసుకోగలడా? తాను వేసుకోలేని లెక్కను ఎవరూ నమ్మరు.

## శాతం కంటే ముందు: ఏది అమ్మకం

పద్ధతులను పోల్చే ముందు ఇది తేల్చుకోకపోతే పోలికంతా వృథా. టైల్స్ మీద జీఎస్టీ 18 శాతం. సేల్స్‌మన్ తన బిల్లులు కూడుకుంటే 11 లక్షలు వచ్చాయి, టార్గెట్ దాటానని సంబరపడ్డాడు. ఓనరు పుస్తకంలో జీఎస్టీ తీసేసిన అమ్మకం ఉంటుంది. 11 లక్షలను 1.18తో భాగిస్తే 9,32,203 రూపాయలు. టార్గెట్‌కు ఇంకా 68 వేలు తక్కువ. జీఎస్టీ లేకుండా పది లక్షలు కావాలంటే బిల్లుల మొత్తం 11.80 లక్షలు దాటాలి. లెక్క ఏ అంకె మీదో మొదటి రోజే చెప్పాలి. జీఎస్టీ షాపు ఆదాయం కాదు కాబట్టి అది లేని అంకె మీద లెక్క వేయడమే సరైనది.

ఎప్పుడు లెక్కలోకి తీసుకోవాలన్నది ఇంకో మాట. అడ్వాన్స్ ఇచ్చి బుక్ చేసిన రోజా, బిల్లు కొట్టిన రోజా, డబ్బు చేతికి వచ్చిన రోజా? నడిచి వచ్చే కస్టమర్లకు బిల్లు రోజు చాలు. బిల్డర్లకు, కాంట్రాక్టర్లకు అరువు మీద ఇచ్చే షాపులో డబ్బు వచ్చాకే లెక్కలోకి తీసుకోవాలి. లేకపోతే టార్గెట్ కోసం ఎవరికి పడితే వారికి అరువు ఇచ్చేస్తారు, వసూలు బాధ మాత్రం షాపుకు మిగులుతుంది.

## మొదటి పద్ధతి: ఎంత అమ్మినా ఒకే శాతం

టార్గెట్ లేదు, గీత లేదు. ఎంత అమ్మితే దాని మీద 2.3 శాతం అనుకుందాం. ఆరు లక్షలకు 13,800, పదికి 23,000, పదిహేనుకు 34,500. వివరించడానికి పది సెకన్లు చాలు. గీత లేదు కాబట్టి నెలాఖరున బిల్లులు అటూ ఇటూ జరపాల్సిన పని ఎవరికీ ఉండదు.

దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు కానీ మూడు చోట్ల ఇదే మంచిది. కొత్తగా తెరిచిన షాపులో టార్గెట్ ఎంత పెట్టాలో చెప్పడానికి పాత అంకెలు ఉండవు. సేల్స్‌మన్ చేతిలో పెద్దగా లేని వ్యాపారంలో, అంటే కస్టమర్ ముందే బ్రాండ్, మోడల్ తేల్చుకుని వచ్చి బిల్లు మాత్రం కొట్టించుకునే చోట, పెద్ద శాతం పెట్టినంత మాత్రాన అమ్మకం పెరగదు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే కస్టమర్‌ను చూసే షాపులో ఏ బిల్లు ఎవరి టార్గెట్‌లోకి వెళ్లాలన్న తగువు లేకుండా పోతుంది.

లోటు ఏమిటంటే పది లక్షలు అమ్మేవాడిని పదిహేనుకు తీసుకెళ్లే ఊపు ఇందులో లేదు. బాగా అమ్మే మనిషి ఒకడుంటే, పక్క షాపు అతనికి టార్గెట్ దాటితే పెరిగే మెట్ల శాతం చూపించి పిలుచుకుంటుంది.

## రెండో పద్ధతి: గీత పైన ఉన్న భాగానికే పెద్ద శాతం

మొదటి పది లక్షలకు ఎప్పుడూ 2 శాతమే. పైన అమ్మిన ప్రతి రూపాయికీ 3 శాతం. పన్నెండు లక్షలు అమ్మితే 20,000, దానికి రెండు లక్షల మీద 6,000 కలిపి 26,000. ఆదాయపు పన్ను శ్లాబులు నడిచేది ఇలాగే. పెద్ద శ్లాబులోకి వెళ్లినా కింది భాగం మీద పన్ను మారదు. దాటితే మొత్తానికి పెద్ద శాతం ఇచ్చే మూడో పద్ధతి తర్వాత వస్తుంది, అది తెలంగాణలో ఇంటి కరెంటు బిల్లు 200 యూనిట్లు దాటినప్పటి లాంటిది. దాటగానే మొదటి యూనిట్లకూ పెద్ద రేటే పడుతుంది. ఆ ఒక్క యూనిట్ ఎంత బాధ పెడుతుందో అనుభవించిన వాళ్లకు ఈ రెండు పద్ధతుల తేడా వేరే చెప్పక్కర్లేదు.

గీత దగ్గర ఎగుడుదిగుడు లేకపోవడమే ఈ పద్ధతి బలం. 9.80 లక్షల దగ్గర ఆగిపోయిన వాడికి 19,600, 10.20 లక్షలు చేసిన వాడికి 20,600. ఇద్దరూ దాదాపు ఒకే పని చేశారు, దాదాపు ఒకే డబ్బు తీసుకున్నారు. దొంగ బిల్లు కొట్టడానికి ఇక్కడ కారణమే లేదు.

బలహీనత కూడా అక్కడే ఉంది. గీత దాటినా పెద్దగా ఏమీ జరిగినట్టు అనిపించదు. 20,000 ఎక్కువ అమ్మితే అదనపు ఒక్క శాతం వల్ల వచ్చింది 200 రూపాయలు. దాని కోసం రాత్రి తొమ్మిదింటికి వచ్చిన కస్టమర్‌ను ఎవరూ ఓపిగ్గా కూర్చోబెట్టరు. అందుకే ఈ పద్ధతి పెట్టేవారు రెండు శాతాల మధ్య ఎడం పెంచాలి. 2, 3 కన్నా 2, 4 మేలు. పన్నెండు లక్షలకు 28,000 అవుతుంది, పైభాగం మీద షాపుకు ఇంకా 11 శాతం మిగులుతుంది. ఎక్కువ ఇవ్వాల్సి వస్తుందని భయపడి శాతం తగ్గించి, "మా వాళ్లలో ఊపు లేదు" అని బాధపడే ఓనర్లను చాలామందిని చూశాను. పైభాగం మీద ఇచ్చే డబ్బు అప్పటికే ఖర్చులన్నీ తీరిన అమ్మకం నుంచి వస్తుందని గుర్తుపెట్టుకుంటే ఆ భయం తగ్గుతుంది.

## మూడో పద్ధతి: గీత దాటితే మొత్తానికి పెద్ద శాతం

పది లక్షలు చేరేదాకా 2 శాతం. చేరిన క్షణం నుంచి మొదటి రూపాయితో సహా అన్నిటికీ 3 శాతం. వినడానికి ఆకర్షణగా ఉంటుంది, చెప్పడానికి తేలిక. అందుకే ఎక్కువ మంది అనుకోకుండా దీన్నే ఎంచుకుంటారు.

ఇక్కడ గీత దగ్గర జరిగేది దగ్గరగా చూద్దాం. నెల 28వ తేదీ, సేల్స్‌మన్ 9.80 లక్షల దగ్గర ఉన్నాడు. ఇంకో 20,000 బిల్లు పడితే అతని కమీషన్ 19,600 నుంచి 30,000కు వెళ్తుంది. ఒక్క 20,000 బిల్లుకు 10,400. అదే బిల్లు మీద షాపుకు వచ్చే మార్జిన్ 3,000. మూడు వేలు సంపాదించడానికి షాపు పదివేల నాలుగు వందలు ఖర్చు పెడుతోందన్నమాట. సేల్స్‌మన్ వైపు నుంచి చూస్తే, ఆ బిల్లు కోసం జేబులోంచి నాలుగైదు వేలు కస్టమర్‌కు ఇచ్చినా అతనికి లాభమే. తెలిసిన మేస్త్రీ పేరు మీద ముప్పై ఒకటిన బిల్లు కొట్టి, అయిదో తారీఖున బాక్సులు వెనక్కి తెప్పించినా లాభమే. అతను చెడ్డవాడు కావడం వల్ల కాదు, మనం అక్కడ పదివేలు పెట్టి పిలుస్తున్నాం.

రెండో వైపూ చూడాలి. 20వ తేదీకి ఆరు లక్షల దగ్గర ఉన్నవాడికి గీత అందదని తెలిసిపోతుంది. చేతిలో ఉన్న కస్టమర్లను "సార్, ఒకటో తారీఖు తర్వాత కొత్త డిజైన్లు వస్తున్నాయి" అని వచ్చే నెలకు తోస్తాడు. షాపుకు ఈ నెల అమ్మకం పోతుంది, కొందరు కస్టమర్లు పక్క షాపుకు పోతారు.

గీత దాటాక ఈ పద్ధతిలో ఊపు ఏమైనా ఎక్కువ ఉందా? లేదు. పన్నెండు లక్షల దగ్గర ఉన్నవాడు ఇంకో లక్ష అమ్మితే రెండో పద్ధతిలోనూ 3,000, ఇందులోనూ 3,000. షాపు ఎక్కువ ఇచ్చిన ఆ పదివేలు కేవలం గీతను దాటినందుకు ఇచ్చినవి. మీరు కోరుకుంటున్నది పదిహేను, ఇరవై లక్షల అమ్మకమైతే ఈ డబ్బు తప్పు చోట ఖర్చవుతోంది.

అయినా దీనికి న్యాయమైన చోటు ఒకటుంది. కొన్ని కంపెనీలు డీలర్‌కు ఏడాది టర్నోవర్ స్కీమ్ ఇస్తాయి. ఫలానా మొత్తం కొనుగోలు దాటితే ఏడాది మొత్తం మీద ఇంత శాతం క్రెడిట్ నోట్ అని. అలాంటప్పుడు ఆఖరి కొద్ది అమ్మకాలు షాపుకు కూడా నిజంగానే ఎంతో విలువైనవి. ఆ గీతకు దగ్గర్లో ఉన్నప్పుడు, ఆ బ్రాండ్ మీద, ఆ ఒకటి రెండు నెలలకు మొత్తానికి పెద్ద శాతం ప్రకటించడం తెలివైన పని. ఏడాది పొడవునా అలవాటుగా పెట్టడం వేరే సంగతి.

గీత దాటిన ఆనందం మీ వాళ్లకు కావాలనుకుంటే, రెండో పద్ధతిలోనే ఉండి, పది లక్షలు చేరినందుకు 1,500 రూపాయల బహుమతి విడిగా ఇవ్వండి. చప్పట్లకు అది చాలు, దొంగ బిల్లుకు చాలదు.

| నెల అమ్మకం (జీఎస్టీ లేకుండా) | ఒకే శాతం 2.3 | పైభాగానికే 3 | మొత్తానికి 3 |
|---|---|---|---|
| 6 లక్షలు | 13,800 | 12,000 | 12,000 |
| 9.80 లక్షలు | 22,540 | 19,600 | 19,600 |
| 10 లక్షలు | 23,000 | 20,000 | 30,000 |
| 12 లక్షలు | 27,600 | 26,000 | 36,000 |
| 15 లక్షలు | 34,500 | 35,000 | 45,000 |

ఎక్సెల్‌లో అమ్మకం B2 గడిలో ఉంటే, రెండో పద్ధతికి మొదటి లైను, మూడో పద్ధతికి రెండో లైను వాడండి:

```
=MIN(B2,1000000)*2%+MAX(B2-1000000,0)*3%
=IF(B2>=1000000,B2*3%,B2*2%)
```

ఇప్పటికే మూడో పద్ధతిలో ఉన్న షాపులు తమ పుస్తకాలను ఇలా పరీక్షించుకోవచ్చు. ఆరు నెలల బిల్లులు తీసి, నెలలో ఆఖరి మూడు రోజుల వాటా ఎంతో చూడండి. సమంగా అమ్ముడైతే పదో వంతు ఉండాలి. కొత్త నెల మొదటి పది రోజుల్లో ఎన్ని క్రెడిట్ నోట్లు పడ్డాయో, ఆఖరి వారంలో డిస్కౌంట్ సగటు ఎంత పెరిగిందో కూడా చూడండి. గృహప్రవేశాల ముహూర్తాలు దగ్గరపడితే నెలాఖరు నిజంగానే రద్దీగా ఉండొచ్చు, కాబట్టి అందరినీ ఒకే గాటన కట్టవద్దు. తొమ్మిది, పది లక్షల మధ్య తచ్చాడుతున్న వారిలో మాత్రమే ఈ మూడూ కనిపించి, ఆరు లక్షల వాళ్లలో, పద్నాలుగు లక్షల వాళ్లలో కనిపించకపోతే అది ముహూర్తాల ప్రభావం కాదు, గీత ప్రభావం.

## నాలుగో పద్ధతి: అమ్మకం మీద కాక మార్జిన్ మీద

పై మూడింటికీ ఉన్న ఒక జబ్బు డిస్కౌంట్. లక్ష రూపాయల బిల్లు మీద సేల్స్‌మన్ 5 శాతం తగ్గించాడనుకోండి. 2 శాతం లెక్కన అతని కమీషన్ 2,000 నుంచి 1,900కు తగ్గింది. అతనికి పోయింది వంద, షాపుకు మార్జిన్‌లో పోయింది అయిదు వేలు. అతను చేయి విదల్చడంలో వింతేముంది? టార్గెట్ గీత దగ్గర ఉంటే ఇంకా ఎక్కువ విదులుస్తాడు.

కమీషన్‌ను మార్జిన్ మీదకు మారిస్తే ఇది సర్దుకుంటుంది. 15 శాతం మార్జిన్ ఉన్న షాపులో అమ్మకం మీద 2 శాతం అంటే మార్జిన్‌లో సుమారు 13 శాతం. "నెలకు లక్షన్నర మార్జిన్ దాకా 13 శాతం, ఆ పైన ఉన్న మార్జిన్‌కు 20 శాతం" అని పెడితే, డిస్కౌంట్ ఇచ్చిన ప్రతిసారీ అతని జేబుకూ తగులుతుంది. అయిదు వేలు తగ్గిస్తే అతనికి వంద కాదు, 650 పోతాయి.

కానీ దీనికి కొనుగోలు ధర సేల్స్‌మన్‌కు తెలియాలి, లేదా షాపు చెప్పిన అంకెను అతను నమ్మాలి. చాలా షాపుల్లో ఈ రెండూ జరగవు. కొనుగోలు ధరలు బయటపెట్టడం ఇష్టం లేని ఓనరు, మార్జిన్ ఎంతో తానే చెప్తానంటే సేల్స్‌మన్‌కు అనుమానమే మిగులుతుంది. అలాంటి చోట అమ్మకం మీదే లెక్క ఉంచి, ప్రతి సరుకుకూ ఒక కనీస ధర రాసి ఇవ్వండి. దానికి కింద అమ్మిన బిల్లు టార్గెట్‌లో సగమే లెక్కకు వస్తుందని చెప్పండి. మార్జిన్ లెక్కంత కచ్చితం కాదు, కానీ ఎవరైనా వేసుకోగలరు.

## నెలకా, మూడు నెలలకా

ఎక్కువ మంది పట్టించుకోని చోటు ఇదే. రెండో పద్ధతిలోనే ఒక సేల్స్‌మన్ మూడు నెలల్లో వరసగా 6, 14, 10 లక్షలు అమ్మాడు. నెల నెలా లెక్కిస్తే 12,000, 32,000, 20,000 కలిపి 64,000. ఇంకొకడు ప్రతి నెలా పది చొప్పున అదే ముప్పై లక్షలు అమ్మితే 60,000. కుదురుగా అమ్మినవాడికి తక్కువ, ఒక నెల పడుకుని ఇంకో నెల లేచినవాడికి ఎక్కువ. బిల్లును ఒకటో తారీఖుకు జరపడం అలవాటవ్వడానికి ఈ నాలుగు వేలు చాలు. మూడు నెలలకు కలిపి ముప్పై లక్షల టార్గెట్ పెడితే ఇద్దరికీ 60,000 వస్తుంది.

మన దగ్గర ఇంటి సామాను వ్యాపారాలకు ఇంకో కారణం కూడా ఉంది. మూఢం, ఆషాఢం, శూన్యమాసం వస్తే గృహప్రవేశాలు ఆగిపోతాయి. అవి పంచాంగం ప్రకారం ఏటా వేర్వేరు తేదీల్లో వస్తాయి. ముహూర్తానికి నెలా రెండు నెలల ముందే టైల్స్ కొంటారు కాబట్టి, ముహూర్తాలు లేని రోజుల ప్రభావం షాపు మీద ఇంకా ముందే పడుతుంది. అన్ని నెలలకూ పది లక్షలే టార్గెట్ అంటే కొన్ని నెలల్లో అది ఎవరికీ అందదు, కొన్ని నెలల్లో అడగకుండానే వచ్చేస్తుంది. మూడు నెలల లెక్క ఈ ఎగుడుదిగుళ్లను కొంత చదును చేస్తుంది.

మూడు నెలలు ఆగి డబ్బు తీసుకోమంటే ఇల్లు గడవదు. అందుకని 2 శాతం ప్రతి నెలా ఇచ్చేసి, మూడో నెల చివర ముప్పై లక్షల పైన ఉన్నదానికి మిగతా 1 శాతం ఇవ్వాలి. 6, 14, 13 అమ్మినవాడికి నెల నెలా 12,000, 28,000, 26,000 అందుతాయి. చివర్లో పైనున్న మూడు లక్షల మీద 3,000 కలిపి మొత్తం 69,000.

## వెనక్కి వచ్చిన బాక్సులు

టైల్స్‌లో మిగిలిన బాక్సులు వెనక్కి రావడం మామూలే, మోసం కాదు. మేస్త్రీలు తరుగు కోసం కొంత ఎక్కువే తీసుకోమంటారు. ఒకే శాతం ఉన్న పద్ధతిలో రిటర్న్ ఏ నెలలో తీసేసినా ఒకటే. మెట్ల పద్ధతిలో అలా కాదు. మార్చిలో 12 లక్షలు అమ్మి 26,000 తీసుకున్నవాడికి ఏప్రిల్‌లో లక్ష రూపాయల సరుకు తిరిగొచ్చింది. మార్చి లెక్క నుంచి తీస్తే అతను 11 లక్షల వాడు, 23,000కే అర్హుడు, కాబట్టి 3,000 వెనక్కి. ఏప్రిల్‌లో ఎనిమిది లక్షలే అమ్మాడనుకుని, అందులోంచి తీస్తే కోత 2,000 మాత్రమే. 3 శాతంతో తీసుకున్నది 2 శాతంతో వెనక్కి ఇచ్చినట్టు. ఏ బిల్లు మీద వచ్చిందో ఆ నెల లెక్కనే సరిచేయాలి. మూడు నెలల లెక్క పెట్టుకుంటే చాలా రిటర్నులు అదే మూడు నెలల్లో పడి ఈ తలనొప్పి మూడొంతులు తగ్గుతుంది.

## ఎవరికి ఏది

నలుగురైదుగురు సేల్స్‌మెన్ ఉండి, కనీసం ఒక ఏడాది అంకెలు చేతిలో ఉన్న షాపుకు రెండో పద్ధతినే చెప్తాను. శాతాల మధ్య ఎడం రెండు ఉండాలి, లెక్క మూడు నెలలకు ఉండాలి. టార్గెట్ పెట్టేటప్పుడు మీ బెస్ట్ సేల్స్‌మన్ అంకె చూడకండి. గత ఏడాది పన్నెండు నెలల్లో మధ్యస్థంగా అమ్మే మనిషి సగం నెలల్లో దాటగలిగిన అంకె పెట్టండి. అసలు ఎవరూ దాటని గీత ఉన్నా లేనట్టే, 2 శాతానికి ఇంకో పేరు అంతే. బాగా దాటారని వచ్చే ఏడాది టార్గెట్‌ను పదిహేనుకు లాగితే, ఆ తర్వాత ఎవరూ పూర్తి బలంతో అమ్మరు. షాపు పెద్దదైనా, ధరలు పెరిగినా టార్గెట్ పెంచండి, ఒక మనిషి కష్టపడ్డాడని మాత్రం పెంచకండి.

కొత్త షాపు అయితే మొదటి ఏడాది ఒకే శాతంతో నడిపి, అంకెలు పోగయ్యాక మారండి. డిస్కౌంట్ల వల్లే మార్జిన్ కరిగిపోతున్న షాపు, కొనుగోలు ధరలు చెప్పే ధైర్యం ఉంటే, మార్జిన్ పద్ధతికి వెళ్లాలి.

సేల్స్‌మన్‌గా రెండు ఆఫర్ల మధ్య ఉన్నవారికి ఒక చిన్న లెక్క. ఒక షాపు ఎంత అమ్మినా 2.3 శాతం అంది. ఇంకోటి పది లక్షల దాకా 2, పైభాగానికి 3 అంది. 3 అన్న అంకె చూసి రెండోది మేలనిపిస్తుంది. నిజానికి 14.29 లక్షలు దాటితే తప్ప రెండోది మేలు కాదు. ఎలా వచ్చిందంటే, పెద్ద శాతంలోంచి చిన్న శాతం తీసేసి టార్గెట్‌తో గుణించాలి, పెద్ద శాతంలోంచి ఒకే శాతాన్ని తీసేసి దాంతో భాగించాలి. 10 లక్షలు × 1 ÷ 0.7. పైభాగానికి 4 శాతం ఇస్తామంటే అదే గీత 11.76 లక్షలకు దిగుతుంది. రెండో షాపు జీతం కూడా రెండు వేలు తక్కువైతే, 3 శాతం ఆఫర్ సుమారు 17.14 లక్షల పైన అమ్మేవాడికే లాభం. మీరు ఇప్పటిదాకా చేసిన అమ్మకాల్లో ఆ అంకె ఎన్ని నెలల్లో వచ్చిందో చూసుకోండి. ఇప్పుడున్న సేల్స్‌మెన్‌లో ఎంతమంది గత మూడు నెలల్లో టార్గెట్ దాటారో అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే ఆ 3 శాతాన్ని లెక్కలోకి తీసుకోకండి.

జీతగాడికి ఇచ్చే కమీషన్ అతని జీతంలో భాగమే, పన్ను లెక్క జీతంతో కలిసి పోతుంది. బయటి నుంచి కస్టమర్లను తెచ్చే మధ్యవర్తులకు ఇచ్చే కమీషన్ వేరు. షాపుకు టీడీఎస్ కోసే బాధ్యత ఉంటే, 2025 ఏప్రిల్ నుంచి ఒక మనిషికి ఏడాదిలో 20,000 దాటిన కమీషన్ మీద 2 శాతం కోయాలి. వాళ్లు తెచ్చిన అమ్మకాన్ని సేల్స్‌మన్ టార్గెట్‌లో కలపాలా వద్దా అన్నది కూడా ముందే తేల్చుకోండి. కలిపితే ఒకే బిల్లు మీద షాపు రెండు కమీషన్లు ఇస్తుంది.

ఇక రాసి ఇచ్చే కాగితం. పదాలు తక్కువగా ఉండాలి, ఒక ఉదాహరణ తప్పకుండా ఉండాలి. ఇలా రాస్తే చాలు:

"ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలకు కలిపి టార్గెట్ 30 లక్షలు. జీఎస్టీ లేని బిల్లు మొత్తమే అమ్మకం. అరువు బిల్లులు డబ్బు వచ్చిన నెలలో లెక్కకు వస్తాయి. మొదటి 30 లక్షలకు 2 శాతం, అంతకు మించిన భాగానికి మాత్రమే 4 శాతం. 2 శాతం ప్రతి నెలా 7వ తేదీలోపు, మిగతాది జూలై 7లోపు ఇస్తాం. వెనక్కి వచ్చిన సరుకును అసలు బిల్లు పడిన నెల నుంచి తీసేస్తాం. ఉదాహరణ: మూడు నెలల్లో 36 లక్షలు అమ్మితే 60,000, దానికి 24,000 కలిపి మొత్తం 84,000. మధ్యలో మానేస్తే, పని చేసిన నెలలకు నెలకు 10 లక్షల చొప్పున టార్గెట్ లెక్కించి, చివరి జీతంతో పాటు చెల్లిస్తాం."